పాత కారు ఇచ్చి కొత్తది కొనేటప్పుడు షోరూమ్‌లో బేరం ఎలా చేయాలి?

దసరా ముందు హన్మకొండ షోరూమ్‌లలో ఏటా ఒకే తప్పు చూస్తున్నాను. కుర్చీలో కూర్చోగానే "పాత బండి ఉంది, లోను కూడా కావాలి, మొత్తం మీద ఎంత తగ్గిస్తారు?" అని అడిగేస్తారు. కొత్త కారు ధర, పాత బండి విలువ, లోను మూడు వేర్వేరు బేరాలు. వాటిని కలిపేస్తే ఒకచోట తగ్గించినది మరోచోట రాబట్టుకోవడం అమ్మేవారికి చాలా సులువు.

వెళ్లే ముందు రెండు పనులు చేసుకోండి. పాత బండిని ఇద్దరు సెకండ్‌హ్యాండ్ కార్ల వ్యాపారులకు చూపించి ధర అడగండి. మీ ఖాతా ఉన్న బ్యాంకులో కారు లోను వడ్డీ ఎంతో రాయించుకోండి. షోరూమ్‌కు పాత బండిలో వెళ్లకండి, పిల్లలను తీసుకెళ్లకండి. పిల్లవాడు ఎర్ర కారు ఎక్కి కూర్చున్నాక ఇక బేరం సాగదు.

మొదట కొత్త కారు ధర ఒక్కటే మాట్లాడండి. కొటేషన్‌లో ఎక్స్‌షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, బీమా విడివిడిగా రాయమనండి. హ్యాండ్లింగ్ చార్జీలు ప్రభుత్వానికి కట్టేవి కావు, కొట్టేయమనండి. మ్యాట్లు, సీటు కవర్లు, కోటింగ్‌లు కలిపిన ప్యాకేజీ వద్దనండి, అవి బయట తక్కువకు దొరుకుతాయి. అయితే వైర్లు కోసి బిగించే లైట్లు, హారన్లు బయట పెట్టించకండి, వారంటీకి ఇబ్బంది. బీమా వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న నిబంధన లేదు. బీమాలో బండికి కట్టే విలువను ఐడీవీ అంటారు, విడిభాగాల అరుగుదల కింద కోత పెట్టకుండా చెల్లించేది జీరో డిప్రిసియేషన్. అదే ఐడీవీకి, అదే జీరో డిప్రిసియేషన్‌తో బయట ధర అడిగి పోల్చండి. కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో అదే మోడల్‌కు కొటేషన్ తెచ్చుకుంటే ఇంకా మంచిది. తగ్గింపు ఎంతో కాగితం మీదకు వచ్చేదాకా పాత బండి మాట ఎత్తకండి.

ఇక అందరూ దెబ్బతినే చోటు ఎక్స్ఛేంజ్. మా బంధువు ఒకరి లెక్క చెబుతాను. కొత్త కారు ఆన్‌రోడ్ ధర 10,60,000. నలభై వేలు తగ్గించి 10,20,000కు ఇస్తామని ఒప్పుకున్నారు. పాత కారుకు బయట 2,85,000 పలికింది. షోరూమ్‌వారు "మేము మూడు లక్షలు ఇస్తాం" అన్నారు. ఆయన సంతోషించి కరచాలనం చేయబోయారు. కొత్త కొటేషన్ చూపించమని నేను పట్టుబట్టాను. అందులో కారు ధర 10,45,000 అయి కూర్చుంది. పైగా ఆ మూడు లక్షల్లో ఇరవై అయిదు వేలు కంపెనీ ఇచ్చే ఎక్స్ఛేంజ్ బోనస్. అంటే బండికి వాళ్లు కట్టిన విలువ 2,75,000 మాత్రమే.

అందుకే ఎక్కువ విలువ ఎవరిస్తారని చూడకండి. జేబులోంచి వెళ్లే తేడా ఎంతో చూడండి. షోరూమ్‌కే ఇస్తే ఆయన కట్టాల్సింది 7,45,000. బయట అమ్మి కొంటే 7,35,000. పది వేలు బయటే లాభం. ఈ లెక్క చూపించాక షోరూమ్‌వారు మొదటి తగ్గింపును తిరిగి ఇచ్చారు. తేడా 7,20,000కు దిగింది, అప్పుడు ఎక్స్ఛేంజే మేలైంది. కాబట్టి ఎక్స్ఛేంజ్ ఎప్పుడూ నష్టమని చెప్పేవారి మాట నమ్మకండి. విలువ, బోనస్, తగ్గింపు మూడూ మూడు వరుసల్లో రాయించుకోవడమే దీనికి సరైన పద్ధతి.

పాత బండి మీద క్లెయిమ్ లేకపోతే వచ్చే నో క్లెయిమ్ బోనస్ మీది, బండిది కాదు. వరుసగా అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే కొత్త కారు బీమాలో సొంత నష్టం ప్రీమియం, అంటే మీ కారుకే జరిగే నష్టం కోసం కట్టే భాగం, సగం తగ్గుతుంది. కొటేషన్‌లో దీన్ని తరచుగా వదిలేస్తారు. పాత బీమా కంపెనీ నుంచి దీనికి లేఖ తీసుకోండి.

లోను చివర మాట్లాడండి. "ఆరు శాతమే" అంటే ఫ్లాట్ వడ్డీనా అని అడగండి. ఆరు లక్షలకు అయిదేళ్లకు ఆరు శాతం ఫ్లాట్ అంటే నెలకు 13,000. మీరు బాకీ తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొత్తం ఆరు లక్షల మీదే వేస్తారు. తగ్గే బాకీ మీద లెక్కిస్తే అది దాదాపు 10.8 శాతం. అదే లోను బ్యాంకులో తగ్గే బాకీ మీద 9.5 శాతానికి దొరికితే నెలకు 12,601, అయిదేళ్లలో దాదాపు 24 వేలు మిగులుతాయి. సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడగండి. 2024 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు దీన్ని తప్పనిసరి చేసింది. ప్రాసెసింగ్ ఫీజు కలిపిన అసలు వార్షిక రేటు అందులో ఉంటుంది.

పాత బండి తాళాలు ఇచ్చే రోజున తేదీ, సమయం రాసిన డెలివరీ కాగితం తీసుకోండి. ఆర్‌సీ కొత్తవారి పేరుకు మారేదాకా అడుగుతూనే ఉండండి. అప్పటిదాకా ఆ బండి ప్రమాదం చేస్తే నోటీసు మీ ఇంటికే వస్తుంది.