బ్యాంకు ఉద్యోగానికి మెయిల్ పెట్టినా పిలుపు రాలేదా?

ముందు ఒక సంగతి. ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు, పీఓ పోస్టులకు ఐబీపీఎస్, ఎస్‌బీఐ వెబ్‌సైట్లలోనే దరఖాస్తు చేయాలి. రెజ్యూమె మెయిల్ చేస్తే లాభం లేదు. కింద రాసినదంతా సహకార బ్యాంకో ప్రైవేటు బ్యాంకో ప్రకటన ఇచ్చి, వివరాలు మెయిల్ చేయమన్నప్పటి సంగతి.

సమస్య: "మీరు రాసిన స్కోరుకు ఆధారం లేదు" అని జవాబు వచ్చింది.

విశాఖలో ఇది మామూలే. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ మాక్ టెస్టులో వచ్చిన ర్యాంకునో, ప్రిలిమ్స్ మార్కులనో "ఐబీపీఎస్ ర్యాంకు" అని రాసేస్తారు. ప్రిలిమ్స్ మెయిన్స్‌కు అర్హత కోసమే, తుది ఎంపికలో ఆ మార్కులు కలపరు. ఐబీపీఎస్ పీఓకైతే మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 వెయిటేజీతో తుది స్కోరు వస్తుంది. కాబట్టి ఏ పరీక్ష, ఏ సంవత్సరం, ఏ దశ, ఎన్నింటికి ఎన్ని అని స్కోర్ కార్డులో ఉన్నట్టే రాయండి. కార్డులో ర్యాంకు లేకపోతే మీరు లెక్క వేసి రాయకండి.

సమస్య: 60 శాతం ఉందని రాశారు, అయినా అర్హత లేదన్నారు.

దాదాపు ఎప్పుడూ సీజీపీఏ దగ్గరే తప్పు జరుగుతుంది. ఒక బీటెక్ అభ్యర్థి సీజీపీఏ 6.7 అనుకుందాం. స్కూల్లో అలవాటైన 9.5తో గుణిస్తే 63.65 వస్తుంది, సంబరపడతాం. కానీ వాళ్ల యూనివర్సిటీ సూత్రం ఇలా ఉంటే?

```
(6.7 - 0.75) x 10 = 59.5
```

60 అడిగిన చోట 59.5 చెల్లదు. ఐబీపీఎస్ నోటిఫికేషన్లే 59.99ను కూడా 60 కంటే తక్కువగానే లెక్కిస్తాయి. జేఎన్‌టీయూలో రెగ్యులేషన్ మారితే సూత్రం కూడా మారుతుంది. మీ బ్యాచ్ మార్కుల మెమో వెనకనో, రెగ్యులేషన్ పుస్తకంలోనో చూసుకుని, సీజీపీఏ, శాతం రెండూ రాసి, సూత్రం ఉన్న పేజీని కూడా జతచేయండి.

సమస్య: మెయిల్ వెళ్లింది, కాగితాలు మాత్రం అందలేదన్నారు.

ఫోన్‌తో తీసిన ఫొటోలు పది పెడితే సైజు 25 ఎంబీ దాటిపోతుంది, జీమెయిల్ వాటిని డ్రైవ్ లింకుగా మార్చేస్తుంది. ఆఫీసు కంప్యూటర్లలో అలాంటి లింకులు తరచూ తెరుచుకోవు. స్కానర్ యాప్‌తో తీసి, అన్నీ ఒకే పీడీఎఫ్‌గా కలిపి, పాస్‌వర్డ్ తీసేసి పంపండి. వరుస: టెన్త్ మెమో, డిగ్రీ ప్రొవిజినల్, మార్కుల మెమోలు, స్కోర్ కార్డు, ఉంటే కుల ధ్రువీకరణ పత్రం. మెయిల్ చివర ఇదే వరుసలో పేజీ నంబర్లతో జాబితా రాయండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, స్కోర్ కార్డులో పొడి అక్షరమే ఉంటే, రెండూ ఒకరివేనని ఒక వాక్యం చేర్చండి.

సబ్జెక్టు లైన్ ఇలా ఉంటే చాలు:

```
Application: Probationary Officer, Visakhapatnam
```