పిల్లవాడిని స్కూల్లో పదేపదే వేధిస్తుంటే ప్రిన్సిపాల్‌కు ఈమెయిల్ ఎలా రాయాలి?

బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా చెల్లెలు, నాలుగో తరగతి చదువుతున్న కొడుకును స్కూలు బస్సులో ఇద్దరు పెద్ద పిల్లలు ఏడిపిస్తున్నారని ఒక రాత్రి ప్రిన్సిపాల్‌కు ఒక ఈమెయిల్ రాసి, పంపేముందు నాకు చూపించింది. "మా వాడిని రోజూ కొడుతున్నారు, పట్టించుకునే దిక్కు లేదు" అని అందులో ఉంది. ఆమె బాధ నిజమే, కానీ ప్రిన్సిపాల్ పిలిచి విచారించడానికి అందులో ఒక్క ఆధారం కూడా లేదు.

ముందుగా పిల్లవాడితో తీరిగ్గా మాట్లాడాలి. "నిన్ను కొట్టారా?" అని అడిగితే ఊ కొట్టి ఊరుకుంటాడు, "బస్సెక్కాక ఎక్కడ కూర్చున్నావు, తర్వాత ఏమైంది?" అని అడిగితే జరిగినది వరుసగా చెబుతాడు. అతను చెప్పిన మాటలను అప్పుడే కాగితం మీద రాసుకోవాలి.

ఆ కాగితం చూసి మేము ఇలా తిరగరాశాం:

"ఆగస్టు 4, సోమవారం, మధ్యాహ్నం 3.40 ప్రాంతంలో, ఇంటికి వచ్చే బస్సు వెనుక వరుసలో, ఆరో తరగతి విద్యార్థులు ఇద్దరు మా అబ్బాయి బ్యాగులో నీళ్లు పోశారని అతను చెప్పాడు. తడిసిన లెక్కల నోటుపుస్తకాన్ని నేను చూశాను, ఫోటో జతచేస్తున్నాను. 7వ తేదీన అతన్ని సీట్లో కూర్చోనివ్వలేదని, అది ఆయా చూసిందని చెప్పాడు. 8న క్లాస్ టీచరుకు డైరీలో రాశాను. 12న బ్యాగు లాక్కున్నారని చెప్పాడు."

పిల్లవాడు చెప్పినది, మీరు కళ్లారా చూసినది ఇందులో వేర్వేరుగా ఉన్నాయి గమనించండి. రేపు అవతలి పిల్లలు కాదన్నా, తడిసిన పుస్తకం, డైరీలోని తేదీ అలాగే నిలుస్తాయి. ప్రిన్సిపాల్‌కు తెలుగు రాకపోతే ఈమెయిల్ ఇంగ్లీషులో రాయండి, కానీ తిట్టిన మాట ఏ భాషలో అన్నారో ఆ భాషలోనే ఉంచి, అర్థం పక్కన ఇవ్వండి.

తర్వాత అడగవలసినవి. "కఠిన చర్య తీసుకోండి" అంటే "చూస్తాం" అనే జవాబే వస్తుంది. మా చెల్లెలు మూడు అడిగింది: బస్సులో కెమెరా ఉంటే ఆ మూడు తేదీల రికార్డింగు చెరిగిపోకుండా భద్రపరచాలని, రేపటి నుంచే పిల్లవాడిని ఆయా పక్క సీట్లో కూర్చోబెట్టాలని, శుక్రవారంలోగా కలిసే సమయం చెప్పాలని. రికార్డింగు కొన్ని రోజులకు చెరిగిపోవచ్చు కనుక ఈమెయిల్ ఆలస్యం చేయకూడదు. సీబీఎస్ఈ స్కూలైతే, బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వేధింపుల నిరోధక కమిటీ ఉండాలి. విషయాన్ని దాని ముందు పెట్టమని కోరవచ్చు.

అవతలి పిల్లల పేర్లు ఈ ఈమెయిల్‌లో మాత్రమే ఉండాలి, తరగతి వాట్సాప్ గ్రూపులో కాదు. వారూ పిల్లలే.

ప్రిన్సిపాల్‌ను కలిసి వచ్చిన సాయంత్రమే, ఎవరు ఏం చేస్తామన్నారో అదే ఈమెయిల్‌కు జవాబుగా రాసి పంపండి. గడువు దాటితే అక్కడే ఒకసారి గుర్తుచేసి, ఆపై యాజమాన్యానికి, చివరికి కర్ణాటక రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు వెళ్లవచ్చు. దెబ్బ తగిలినా, బెదిరించినా ఈ వరుస కోసం ఆగకుండా నేరుగా స్కూలుకు వెళ్లండి. అత్యవసరమైతే 1098కి ఫోన్ చేయండి.