రెండు స్పాట్ రంగుల మధ్య తెల్ల గీత రాకుండా ట్రాపింగ్ చేయడం ఎలా?

పచ్చళ్ల జాడీకి అంటించే లేబుల్ ఒకటి తీసుకుందాం. ముదురు ఆకుపచ్చ నేల, దాని మీద పసుపు రంగులో పెద్ద అక్షరాలు. రెండూ స్పాట్ ఇంకులే, అంటే ఒక్కో రంగుకు విడిగా కలిపిన ఇంకులు. ఆఫ్‌సెట్ మెషీన్ మీద అచ్చు. తెర మీద చూస్తే అంచుకు అంచు అతికినట్టే ఉంటుంది. అచ్చయి వచ్చాక చూస్తే ప్రతి అక్షరానికీ ఒక పక్క సన్నటి తెల్ల గీత, అవతలి పక్క సన్నటి ముదురు గీత కనిపిస్తాయి.

కారణం ఇది. ఆకుపచ్చ ప్లేటులో అక్షరాల ఆకారం మేర ఖాళీ వదులుతారు. దీన్నే నాకౌట్ అంటారు. పసుపు ప్లేటు సరిగ్గా ఆ ఖాళీలో కూర్చోవాలి. అది ఒక దారం మందం జరిగినా ఒక పక్క కాగితం బయటపడుతుంది, రెండో పక్క పసుపు ఆకుపచ్చ మీదికి ఎక్కుతుంది. నాలుగు రంగుల అచ్చులో పక్కపక్కన ఉన్న రంగులు రెండింటిలోనూ కొంత సయాన్ లాంటి ఉమ్మడి ఇంకు ఉంటే, ఆ సందులో అదైనా కనిపిస్తుంది. స్పాట్ రంగులకు ఉమ్మడి ఇంకు ఉండదు, కాబట్టి సందులో కనిపించేది తెల్ల కాగితమే.

అంచుల దగ్గర ఒక రంగును రెండోదాని కిందికో మీదికో కాస్త చొప్పించడమే ట్రాపింగ్. తడి ఇంకు మీద ఇంకు ఎంత బాగా పడుతుందన్నదాన్ని కూడా మెషీన్ దగ్గర ట్రాపింగ్ అనే అంటారు. అది వేరే విషయం. ప్రింటరుతో మాట్లాడేటప్పుడు దేని గురించి అడుగుతున్నారో తేల్చి చెప్పండి.

1. ఎవరు చేస్తారో ముందు తేల్చుకోండి. చాలా ప్రెస్సుల్లో ప్లేటు తీసే ముందు, ఫైలును ప్లేటుకు కావలసిన చుక్కలుగా మార్చే రిప్ సాఫ్ట్‌వేరే ట్రాప్ వేస్తుంది. అక్కడ అలా చేస్తుంటే మీరు ఫైలులో వేయకండి, ట్రాప్ రెండింతలవుతుంది. వాళ్లు చేయకపోతేనే కింది పని మీది.

2. ఏ రంగు కదలాలి? లేత రంగే ముదురు రంగులోకి వెళ్లాలి. మన కంటికి అక్షరం అంచు చూపించేది ముదురు రంగే. పసుపు కాస్త పెరిగి ఆకుపచ్చ మీద పడితే ఆ చోటు ఇంకాస్త ముదురు ఆకుపచ్చ అవుతుంది తప్ప అక్షరం లావెక్కినట్టు కనిపించదు. దీన్ని స్ప్రెడ్ అంటారు. పసుపు నేల మీద ఆకుపచ్చ అక్షరాలుంటే పసుపు నేలే అక్షరం లోపలికి జరుగుతుంది. అది చోక్. రెండు చోట్లా కదిలేది పసుపే. పొరపాటున ఆకుపచ్చను పసుపులోకి పెంచితే పసుపు అక్షరాలు చిక్కిపోతాయి.

3. ఎంత? కోటెడ్ కాగితం మీద ఆఫ్‌సెట్‌కు 0.25 నుంచి 0.3 పాయింటు, అంటే దాదాపు 0.1 మిల్లీమీటరు సరిపోతుంది. న్యూస్‌ప్రింట్‌కు దానికి రెండింతల దాకా వెళ్తారు. ఫ్లెక్సో, స్క్రీన్ అచ్చులకు ఇంకా ఎక్కువ కావాలి. ఆ కొలత ప్రెస్సునే అడగాలి, ఎందుకంటే అది వాళ్ల మెషీన్ ఎంత జరుగుతుందన్నదాన్ని బట్టే ఉంటుంది.

4. ఇలస్ట్రేటర్‌లో వేయడం. పసుపు అక్షరాలను అవుట్‌లైన్ చేసి, అదే పసుపు స్పాట్ స్వాచ్‌తో 0.6 పాయింట్ల స్ట్రోక్ ఇవ్వండి. స్ట్రోక్ అంచుకు అటు సగం, ఇటు సగం పడుతుంది కాబట్టి బయటికి వచ్చేది 0.3 మాత్రమే. చాలామంది ఇక్కడే 0.3 ఇచ్చి, సగం ట్రాపే వచ్చిందేమిటని తల పట్టుకుంటారు. మూలలు గుండ్రంగా ఉండేలా `Round Join` పెట్టండి, లేకపోతే కోసుగా ఉన్నచోట స్ట్రోక్ ముల్లులా బయటికి పొడుచుకొస్తుంది. తర్వాత `Window > Attributes` తెరిచి `Overprint Stroke` టిక్ చేయండి. `Overprint Fill` జోలికి పోకండి. అది టిక్ అయితే ఆకుపచ్చలో ఖాళీ పడక అక్షరమంతా ఆకుపచ్చ మీదే అచ్చయి మాసిపోతుంది.

తెలుగు అక్షరాల్లో ఇరుకు సందులు చాలా ఉంటాయి. తలకట్టుకూ అక్షరానికీ మధ్య, 'ధ' కింద గీతకు పైన, ఒత్తుకూ దాని పై అక్షరానికీ నడుమ చూడండి. ఆ సందు 0.2 మిల్లీమీటర్లకన్నా సన్నంగా ఉంటే రెండు వైపుల ట్రాప్‌లూ కలిసి సందంతా ముదురు ముద్దవుతుంది. చిన్న అక్షరాలను స్పాట్ నేలలో ఖాళీ చేసి పెట్టకపోవడమే మేలు. నల్ల అక్షరాలైతే నేల మీదే నేరుగా ఓవర్‌ప్రింట్ చేయండి, సందు పడే అవకాశమే ఉండదు.

బంగారు, వెండి ఇంకులకు పై సూత్రం పనిచేయదు. అవి కింది రంగును కప్పేస్తాయి కాబట్టి బంగారం పెరిగితే అక్షరమూ పెరుగుతుంది. బంగారాన్ని చివర అచ్చువేస్తూ, పక్క రంగునే దాని కిందికి చొప్పించాలి.

5. ప్లేటుకు ముందు చూసుకోండి. అక్రోబాట్‌లో `Output Preview` తెరిచి `Simulate Overprinting` పెట్టి, 800 శాతానికి పెంచి చూడండి. అక్షరం చుట్టూ సన్నటి ముదురు అంచు కనిపించాలి. అక్కడే ఇంకుల జాబితాలో రెండు స్పాట్ పేర్లే ఉన్నాయా చూడండి. పేరు ఒక అక్షరం తేడాగా రాసినా మూడో ప్లేటు తయారవుతుంది. తెలుపు రంగు వస్తువు దేనికైనా ఓవర్‌ప్రింట్ తగిలి ఉంటే అది అచ్చులో మాయమవుతుంది. దాన్నీ ఈ తెర మీదే పట్టుకోవచ్చు.

6. మెషీన్ దగ్గర. ట్రాప్ దాచగలిగేది దాని వెడల్పు మేర జరుగుడునే. 0.1 మిల్లీమీటరు ట్రాప్ వేసి, రిజిస్ట్రేషన్, అంటే రంగు మీద రంగు కూర్చునే పొందిక, 0.2 జరిగితే 0.1 తెల్ల గీత మిగిలే ఉంటుంది. అప్పుడు ట్రాప్ పెంచమనే ముందు కారణం చూడాలి. 10 రెట్లు పెంచే లూప్ పట్టుకుని, షీటు నాలుగు మూలల్లోనూ ఉన్న క్రాస్ మార్కులను చూడండి.

నాలుగు మూలల్లోనూ ఒకే దిక్కుకు, ఒకే మేర తేడా ఉంటే ప్లేటు జరగాలి. అది తేలిక. ఎడమ పైకి, కుడి కిందికి పోతే ప్లేటు వంకరగా కట్టారు. ఒక షీటుకూ తర్వాతి షీటుకూ తేడా మారుతుంటే ప్లేటును ఎంత కదిపినా లాభం లేదు, షీటును ప్రతిసారీ ఒకే చోట నిలిపే సైడ్ లే, ఫ్రంట్ లే, దాన్ని పట్టి లాక్కెళ్లే గ్రిప్పర్ల పట్టు చూడాలి. అందుకే ఒక్క షీటు చూసి తీర్పు చెప్పకుండా వరసగా పది షీట్లు తీసి చూడమంటారు.

గ్రిప్పర్ వైపు సరిగ్గా ఉండి, తోక వైపు పోయేకొద్దీ తేడా పెరిగితే అది కాగితం సాగుడు. సింగిల్ కలర్ మెషీన్ మీద పసుపు ఒకసారి, ఆకుపచ్చ మరోసారి వేసేటప్పుడు ఇది బాగా తగులుతుంది, ఎందుకంటే మొదటి పాసులో ప్లేటును తడిపే డ్యాంపింగ్ నీరు తాగిన కాగితం రెండో పాసుకు కొలత మార్చుకుని ఉంటుంది. 508 × 762 మిల్లీమీటర్ల షీటు, 762 వైపు 0.05 శాతం సాగిందనుకోండి. అంటే 0.38 మిల్లీమీటరు. మన 0.1 ట్రాప్ దానికి ఏ మూలకూ చాలదు.

కాగితం దాని నారకు అడ్డంగానే ఎక్కువ సాగుతుంది. అందుకే నార సిలిండర్ పొడవుకు సమాంతరంగా ఉండేలా షీట్లు కోయించుకోవాలి. అప్పుడు సాగుడు సిలిండర్ చుట్టు దిశలో వస్తుంది. ఆ దిశలో అచ్చు నిడివిని ప్లేటు కింద, ప్లేటు నుంచి కాగితానికి ఇంకు మోసే రబ్బరు బ్లాంకెట్ కింద పెట్టే ప్యాకింగ్ మందం మార్చి సర్దవచ్చు. ప్లేటు కింద ప్యాకింగ్ పెంచితే అచ్చు పొట్టి అవుతుంది, తగ్గిస్తే పొడవవుతుంది. ఒకదాని కింద ఎంత తీశారో రెండోదాని కింద అంతే చేర్చాలి. అడ్డ దిశలో సాగితే సర్దే వీలు దాదాపు లేదు. ఒక పాసు అయ్యాక షీట్లను గాలికి వదలకుండా ప్లాస్టిక్ కప్పి ఉంచి, డ్యాంపింగ్ నీరు వీలైనంత తగ్గిస్తే తేడా చాలావరకు అదుపులో ఉంటుంది. అయినా మిగిలే తేడా పది షీట్లలోనూ ఒకేలా ఉంటే, అప్పుడు ఆ మేర ట్రాప్ పెంచి కొత్త ప్లేటు తీయించండి.