క్యాబేజీ కొబ్బరి కూర నీరు కారకుండా ముందే చూసుకోవలసినవి

ఉప్పు మొదట్లో వేయకండి. పోపు వేగగానే అరకిలో క్యాబేజీ తరుగు, దానితోపాటే చెంచాడు ఉప్పు వేసి మూత పెడితే, ముక్కల్లోని నీరంతా ఊరి బాణలి అడుగున నిలుస్తుంది, వేగవలసిన కూర ఉడికి మెత్తబడుతుంది. ముక్క సగం మగ్గి, గరిటెతో కదిపినప్పుడు చిటపటమనే చప్పుడు వినిపిస్తున్నప్పుడే ఉప్పు వేయాలి.

తరగడానికి ముందే కడిగి, నీరు పూర్తిగా ఓడ్చండి. తరిగాక కడిగితే ఆ తడి పోదు.

వెడల్పాటి బాణలి తీసుకోండి. ఇరుకు గిన్నెలో ఆవిరి బయటికి పోలేక కూరలోకే దిగుతుంది.

క్యాబేజీకి మూత అక్కరలేదు. ఇదే కూర బీన్స్‌తో చేస్తే మాత్రం, అవి గట్టివి కనుక కాసిని నీళ్లు చిలకరించి, మూత పెట్టి మగ్గనిచ్చి, ఆ తరువాత మూత తీసి తడి ఇంకేదాకా వేయించాలి. మూత తీసేటప్పుడు దానికి పట్టిన నీటిని కూరలోకి వంచకూడదు. క్యారెట్‌తో చేసేటప్పుడు దాన్ని కోరితే త్వరగా నీరు వదులుతుంది, చిన్న ముక్కలుగా తరగడమే నయం.

పచ్చికొబ్బరి తురుము తడి ఆరిన తరువాతే వేసి, ఒకటి రెండు నిమిషాల్లో దించండి. ఫ్రిజ్‌లోని తురుమైతే ముందే బయట పెట్టాలి. అప్పటికే కూర నీరైతే కొబ్బరి ఆపి, మంట పెంచి, రెండు చెంచాల పుట్నాల పొడి చల్లవచ్చు. రుచి కొంత మారుతుంది.