పండగ బట్టల బజారులో అసలు ఆఫర్‌నీ, పెంచి రాసిన ట్యాగునీ ఎలా గుర్తుపట్టాలి?

దసరా దగ్గర పడిందంటే బరంపురం బడా బజార్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. అటు ఇచ్ఛాపురం నుంచి, ఇటు గంజాం జిల్లా ఊళ్ల నుంచి జనం బస్సులెక్కి దిగిపోతారు. షాపుల్లో ఒడియాతో పాటు తెలుగు కూడా గట్టిగా వినిపిస్తుంది. ప్రతి గుమ్మం మీదా యాభై శాతమో అరవై శాతమో వేలాడుతూ ఉంటుంది. అందులో ఏది నిజంగా తగ్గించింది, ఏది ముందు పెంచి తర్వాత తగ్గించింది అన్నది ఎలా తేల్చుకోవాలో లక్ష్మి కథగా చెప్తాను. లక్ష్మి నేను కల్పించిన మనిషి, లెక్కలు కూడా ఉదాహరణకి వేసినవే. కానీ ఈ తంతు మాత్రం పండగ బజారులో తిరిగినవాళ్లందరికీ తెలిసిందే.

లక్ష్మి వచ్చింది అత్తగారికి ఒక పట్టుచీర, కొడుక్కి రెండు చొక్కాలు కొనడానికి. తోడుగా వాళ్ల పిన్ని ఉంది, పెళ్లికి ముందు బట్టల షాపు కౌంటర్లో పనిచేసిన మనిషి. మొదటి షాపులోనే కుంభం అంచున్న మెరూన్ చీర లక్ష్మికి నచ్చేసింది. ట్యాగు మీద 4,800. యాభై శాతం తగ్గింపు, దాని మీద ఇంకో ఇరవై శాతం పండగ స్పెషల్.

"పిన్నీ, డెబ్బై శాతం తగ్గింపంట, ఐదువేల చీర పదిహేనొందలకి వచ్చేస్తంది!"

"ఆ నాలుగువేల ఎనిమిదొందలు ఎవరు రాసేరమ్మా?" అంది పిన్ని.

ముందు ట్యాగు ఎవరు రాశారో చూడండి

బట్టల మీద ధర రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి తయారీదారు ముద్రించే ఎమ్మార్పీ, కంపెనీ చొక్కాలు, ప్యాంట్ల మీద కంపెనీ పేరు, సైజు, చిరునామాతో పాటు వస్తుంది. రెండోది షాపువాళ్లు తమ మెషీన్ మీద కొట్టి అంటించుకునే బార్‌కోడ్ స్టిక్కరు. చీరల్లో చాలా వాటికి ఉండేది ఈ రెండోదే. అంటే ఆ 4,800 అన్న అంకె ఆ షాపులోనే పుట్టింది, యాభై శాతం బోర్డు పెట్టాలని అనుకున్నాక పుట్టిందో, అంతకు ముందే పుట్టిందో బయటివాళ్లకి తెలీదు.

కంపెనీ ముద్రించిన ఎమ్మార్పీ అయితే నమ్మేయొచ్చా అంటే అదీ లేదు. ఎమ్మార్పీకి మించి అమ్మకూడదన్నది చట్టం, కానీ బట్టల మీద ఆ ఎమ్మార్పీ ఎంత వేయాలన్నది తయారీదారు ఇష్టం, ప్రభుత్వం పెట్టిన హద్దు ఏదీ లేదు. అందుకే కొన్ని చొక్కాలు ఏడాది పొడవునా ఏదో ఒక పేరుతో సగం ధరకే దొరుకుతుంటాయి, ఎమ్మార్పీకి అమ్ముడైన రోజు ఒక్కటీ ఉండదు. అలాంటి చొక్కాకి అసలు ధర ఆ సగమే.

చూడాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. పాత స్టిక్కరు మీద కొత్తది అంటించి ఉంటే అంచు గోటికి తగులుతుంది, వెలుగుకి పెడితే కింది అంకె కనిపించినా కనిపిస్తుంది. మడతలు నలిగి, కవరు దుమ్ము పట్టిన చీరకి తెల్లగా మెరిసే స్టిక్కరు ఉంటే ధర ఈమధ్యే మారిందన్నమాట. మారడం తప్పు కాదు, ఎటు మారిందన్నదే ప్రశ్న. పిన్ని ఇంకోటి కూడా చూపించింది: షాపంతా ఒకే శాతం, నిన్న విప్పిన మూటలో సరుక్కి కూడా అదే శాతం. కొత్తగా వచ్చిన, అన్ని రంగులూ నిండుగా ఉన్న సరుకుని పండగ గిరాకీ ఉన్న వారంలోనే ఏ వ్యాపారీ సగానికి ఇవ్వడు, ఇవ్వాల్సిన అవసరం అతనికి లేదు.

తర్వాత అదే సరుకుని ఇంకో షాపులో పట్టుకోండి

అసలు పని ఇక్కడే ఉంది. శాతాన్ని శాతంతో పోల్చడం మానేసి, చేతికి పడే ధరని చేతికి పడే ధరతో పోల్చాలి, అదీ ఒకే సరుక్కి. చీరల్లో ఒకే సరుకని తెలుసుకోవడం కష్టమని అనుకుంటాం గానీ, సూరత్ నుంచి వచ్చే మిల్లు చీరల లోపలి మడతలో తరచుగా చిన్న చీటీ ఉంటుంది, దాని మీద కేటలాగ్ పేరు, డిజైన్ నంబరు ఉంటాయి. ఆ నంబరు ఫోన్లో ఫొటో తీసుకుని పక్క వీధిలో రెండు షాపుల్లో అడిగితే చాలు. చీటీ చింపేసి ఉంటే, అది కూడా ఒక సమాచారమే. అప్పుడు అంచు, కొంగు ఫొటో తీసుకుని వెళ్లాలి, ఫొటో తీయనివ్వకపోతే ఆ షాపుని వదిలేయండి.

పిన్ని మెరూన్ చీర మడత విప్పింది, లోపల చీటీ ఉంది. షాపు కుర్రాడు అప్పటిదాకా "బరంపురం పట్టు మోడల్" అంటున్నాడు. ఆ చివరి మాట లక్ష్మి పట్టించుకోలేదు, పిన్ని పట్టించుకుంది. బరంపురం పట్టు అంటే ఇక్కడి మగ్గాల మీద నేసేది, కుంభాల అంచుతో ఉంటుంది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ అంచుని మరమగ్గం మీద పాలిస్టర్ నూలుతో దించేస్తే దానికి మోడల్, టైపు, సెమీ, సాఫ్ట్ అనే తోకలు తగులుతాయి. పాలిస్టర్ చీర కొనడం తప్పేమీ కాదు, ఉతకడానికీ కట్టడానికీ సుఖమే, కాకపోతే పట్టు ధర మీద తగ్గించినట్టు చూపించి అమ్మితేనే గొడవ.

పోగు కాల్చి చూడమని అందరూ చెప్తారు. నిజమే, పట్టు పోగు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. కానీ దసరా రద్దీలో షాపులో అగ్గిపుల్ల గీయనిస్తారా? అంతకంటే సులువైన దారి పిన్ని చూపించింది. "బాబూ, బిల్లు మీద ప్యూర్ సిల్క్ అని రాసిస్తావేటి?" అని అడిగింది. కుర్రాడు లోపలికెళ్లి ఎవరితోనో మాట్లాడొచ్చి, చీర అని మాత్రమే రాస్తామన్నాడు. అంతే, ఇక కాల్చి చూడక్కర్లేదు. స్వచ్ఛమైన పట్టుకి సిల్క్ మార్క్ హోలోగ్రామ్ లేబులు ఉందేమో కూడా అడగండి. లేనంత మాత్రాన పట్టు కాదని కాదు, కానీ ఉంటే ఒక చింత తగ్గుతుంది.

చీర పొడవు కూడా ఇక్కడే తేల్చుకోవాలి. సాధారణంగా చీర ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క ఎనభై సెంటీమీటర్లు, మొత్తం 6.3 మీటర్లు. చవక సరుకులో ఒక్కోసారి జాకెట్టు ముక్కతో కలిపి ఐదున్నరే ఉంటుంది, కుచ్చిళ్ల దగ్గర తెలుస్తుంది. కౌంటర్ మీద మీటరు బద్ద ఉంటుంది, కొలవమనడానికి మొహమాటం వద్దు.

పక్క వీధిలో బోర్డూ ఆఫరూ లేని ఒక పాత షాపులో అదే డిజైన్ నంబరు చీర దొరికింది. రంగు వేరు, ధర 1,650, బేరం లేదు.

ఇప్పుడు లెక్క వేయండి

యాభై, ఇరవై కలిపితే డెబ్బై కాదు. 4,800లో సగం 2,400, ఇరవై శాతం తీసేది ఆ 2,400 మీద, అంటే 480. మిగిలేది 1,920. అసలు తగ్గింపు అరవై శాతమే. లక్ష్మి మనసులో వేసుకున్న డెబ్బై శాతం లెక్క ప్రకారం 1,440 రావాలి, బోర్డు మీద రెండు అంకెలు విడివిడిగా రాసేది మనం అలా కలుపుకుంటామనే. మళ్లీ మొదటి షాపు కౌంటర్ దగ్గరికి వెళ్తే ఆ 1,920 మీద జీఎస్టీ ఐదు శాతం అదనం అన్నారు, 96 కలిపి 2,016. ఆఫర్ లేని షాపులో అదే చీర 1,650. అంటే అరవై శాతం తగ్గించాక కూడా 366 రూపాయలు ఎక్కువ.

ఆ జీఎస్టీ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఎమ్మార్పీ అంటేనే అన్ని పన్నులూ కలిపిన ధర. ట్యాగు మీద ఎమ్మార్పీ అని ఉండి, దాని మీద తగ్గింపు చూపించి, మళ్లీ పన్ను వేరుగా కలపడం కుదరదని వినియోగదారుల కమిషన్లు చెప్పాయి. లక్ష్మి ఆ మాటే అడిగితే పన్ను తీసేస్తామన్నారు, అయినా 1,920 దగ్గరే ఆగింది, కాబట్టి ఆమె చీర పెట్టేసి వచ్చేసింది.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నదాన్ని కూడా ఒక్క ముక్క ధరలోకి మార్చుకోండి. 1,499 చొక్కాలు రెండు వస్తే ఒక్కోటి 750, రెండు కొంటే ఒకటి ఉచితమైతే ఒక్కోటి వెయ్యి. ఆ ధరకి విడిగా ఒక్కటి ఎక్కడైనా వస్తుందా అన్నదే ప్రశ్న. ఉచితంగా ఇచ్చేది మీరు ఏరుకున్న వాటిలో తక్కువ ధరదే కాబట్టి, ఏరేటప్పుడు అన్నీ ఒకే ధరవి తీసుకోవాలి.

అసలు ఆఫర్‌కి ఒక కారణం ఉంటుంది

వ్యాపారి నిజంగా ధర తగ్గించే సందర్భాలు ఉన్నాయి, అవి ఎక్కువగా షాపు వెనక్కి, మెట్ల కిందికి నెట్టేసి ఉంటాయి. సైజుల వరస తెగిపోయి రెండు మూడు సైజులే మిగిలిన చొక్కాలు, ఒక్క రంగే మిగిలిన డిజైన్లు, పోయినేడాది మోడళ్లు, మడత దగ్గర చిన్న మరక పడినవి. ఇక్కడ తగ్గింపు ఒక్కో దాని మీద ఒక్కోలా ఉంటుంది, ఎందుకు తగ్గించారంటే సమాధానం వస్తుంది. లక్ష్మి కొడుకు చొక్కాలు అక్కడే దొరికాయి: కంపెనీ ఎమ్మార్పీ 1,199, ఆ అబ్బాయి సైజువి రెండే మిగిలాయి, ఒక్కోటి 550. ముందు వరసలో అదే కంపెనీ కొత్త డిజైన్లు 950కి తక్కువ ఇవ్వడం లేదు, కాబట్టి ఆ తగ్గింపు నిజం.

చీరకి ఇంకో నాలుగు రోజులు ఆగగలిగితే, దశమి అయ్యాక చూడండి. దశమి తర్వాత ఐదో రోజున, ఒడిశాలో పెళ్లికాని ఆడపిల్లలు చేసుకునే కుమార పూర్ణిమ వస్తుంది కాబట్టి ఆడపిల్లల బట్టలకి గిరాకీ తగ్గదు, మిగతా సరుకు మీద మాత్రం బేరానికి చోటుంటుంది. అత్తగారి చీరకి ఆగే వీల్లేదు కాబట్టి లక్ష్మి పిన్ని మాట విని చేనేత సహకార సంఘం షాపుకి వెళ్లింది. అక్కడ పండగ రిబేటు ఎంతో, దేని మీదో గోడకే రాసి ఉంది, బిల్లులో కూడా అసలు ధర, రిబేటు విడివిడిగా వేశారు. మోడల్ చీర కంటే ఎక్కువే అయింది, కానీ బిల్లు మీద పట్టు అని రాసిచ్చారు.

బిల్లు లేకుండా గుమ్మం దాటొద్దు

బిల్లు మీద సరుకు పేరు, తగ్గించిన ధర, పన్ను ఉండాలి. కుట్టిన బట్టలకి 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కో ముక్క 2,500 వరకూ ఐదు శాతం, దాటితే పద్దెనిమిది శాతం. చూడాల్సింది తగ్గించాక మీరు కట్టే ధర, ట్యాగు ధర కాదు. ఆఫర్ సరుకు వెనక్కి తీసుకోం అని గోడ మీద రాస్తారు. రంగు నచ్చలేదనో సైజు చాల్లేదనో అయితే అది వాళ్ల ఇష్టం, కానీ చిరుగో లోపమో ఉంటే ఆ బోర్డు పనిచేయదు. బిల్లు మీద గడువు రాయకపోతే లోపం ఉన్న సరుకుని ముప్పై రోజుల్లోపు తిరిగి ఇవ్వొచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. బిల్లు ఇవ్వకపోవడం, మామూలుగా అమ్మే ధర గురించి తప్పుదారి పట్టించడం కూడా ఆ చట్టం కింద అక్రమ వ్యాపార పద్ధతులే. షాపువాళ్లు వినకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు, ట్యాగు, బోర్డు మూడింటి ఫొటోలూ ఉంచుకోండి, బోర్డు ఫొటో కొన్న రోజే తీసుకోండి, పండగ అవ్వగానే దాన్ని దింపేస్తారు.