రక్త విరేచనాలు: అమీబానా, బాక్టీరియానా? మలపరీక్ష చేయించి తేల్చుకోవడం ఎలా?

విరేచనంలో నెత్తురు, బంక కనపడగానే అమీబా అనుకుని మెట్రోనిడజోల్ మింగేవాళ్లు చాలామంది. నిజానికి ఎక్కువసార్లు దోషి షిగెల్లా లాంటి బాక్టీరియా.

ముందు ఎప్పుడు మొదలైందో గుర్తుతెచ్చుకోండి. షిగెల్లా అయితే ఉన్నట్టుండి జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తాయి; ఎంత ముక్కినా కొంచెమే పడుతుంది, మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. అమీబా నెమ్మదిగా, రోజుల తరబడి ముదురుతుంది. జ్వరం తక్కువ, ఒక్కోసారి ఉండనే ఉండదు.

శాంపిల్ మందు వేసుకోకముందే ఇవ్వాలి. వెడల్పు మూతి ఉన్న, తడి లేని డబ్బాలో, నెత్తురు, బంక ఉన్న భాగమే ఒక చెంచాడు తీయండి. మూత్రం, నీళ్లు కలవకూడదు. వీలైతే ల్యాబ్‌లోనే ఇవ్వండి. నీళ్ల విరేచనంలో కదిలే అమీబాను అరగంటలోపే చూడాలి, తర్వాత అది చచ్చి గుర్తు దొరకదు. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా నష్టం. ఒక్క శాంపిల్‌లో దొరక్కపోతే, వేర్వేరు రోజుల్లో మూడు ఇవ్వాలి.

ఇక రిపోర్టు. నిన్నటి నుంచి 102 డిగ్రీల జ్వరం ఉన్న మనిషికి "పస్ సెల్స్ 40-50, ఆర్‌బీసీ 15-20, అమీబా లేదు" అని వచ్చిందనుకోండి. అన్ని చీము కణాలుంటే బాక్టీరియావైపే మొగ్గాలి. ఏ బాక్టీరియానో తేలాలంటే దాన్ని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ చేయించాలి, దానికి రెండు మూడు రోజులు పడుతుంది. అమీబా మాత్రం చీము కణాలనే చంపేస్తుంది కాబట్టి అవి తక్కువగా, ఎర్రకణాలు గుంపులుగా ఉంటాయి. ఎర్రకణాలను మింగి కదులుతున్న అమీబా కనిపిస్తే అది దాదాపు ఖాయం. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది: షిగెల్లాలో కనిపించే మాక్రోఫేజ్ అనే మన ఒంటి పెద్ద రక్షణ కణాలూ ఎర్రకణాలను మింగుతాయి, వాటిని అమీబా అని రాసేస్తుంటారు. గట్టి పొరలో కదలకుండా ఉండే అమీబా రూపాలు, అంటే సిస్ట్‌లు మాత్రమే కనపడితే తొందరపడొద్దు. హాని చేయని ఎంటమీబా డిస్పార్ సిస్ట్ కూడా అచ్చం అలాగే ఉంటుంది. యాంటిజెన్ పరీక్ష గానీ పీసీఆర్ గానీ తేడా చెబుతుంది.

షిగెల్లా అనుకుంటే పెద్దవాళ్లకు డాక్టర్లు సాధారణంగా సిప్రోఫ్లాక్సాసిన్ 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, మూడు రోజులు రాస్తారు. దానికి లొంగని షిగెల్లా ఇప్పుడు చాలా ఉంది, అందుకే 48 గంటల్లో జ్వరం, నెత్తురు తగ్గకపోతే మందు మార్చాలి. నెత్తురు లేని నీళ్ల విరేచనాలకు చాలావరకు ఓఆర్‌ఎస్ చాలు, పిల్లలకు జింక్ కూడా ఇవ్వాలి.

అమీబాకు రెండు దశలు. మొదట మెట్రోనిడజోల్ 5 నుంచి 10 రోజులు. ఇది పేగు గోడలోని అమీబాను చంపుతుంది. పేగు గొట్టం లోపల ఉండే సిస్ట్‌లను పూర్తిగా చంపదు. అందుకే తర్వాత డైలోక్సనైడ్ ఫ్యూరోయేట్ 500 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, 10 రోజులు. తగ్గిపోయిందని ఈ రెండోది మానేస్తే మళ్లీ రావచ్చు, ఇంట్లోవాళ్లకూ అంటవచ్చు.

రెండింటిలోనూ విరేచనం కట్టేసే లోపెరమైడ్ వద్దు. అమీబా ఉందేమోనన్న అనుమానం తీరకముందు స్టెరాయిడ్ ఇస్తే పేగుకు చిల్లి పడే ప్రమాదం ఉంది. వారాల తర్వాత జ్వరంతో కుడి పక్కటెముకల కింద నొప్పి వస్తే కాలేయంలో చీముగడ్డ కావచ్చు; అప్పటికి మలపరీక్షలో ఏమీ కనపడకపోవచ్చు, అల్ట్రాసౌండ్ చేయించాలి.