ఐటీఆర్-6 దాఖలుకు ముందు తరుగుదల పట్టికను సరిచూసుకునే విధానం

ప్రైవేటు లిమిటెడ్ కంపెనీకి ఒకే యంత్రం మీద రెండు తరుగుదలలు ఉంటాయి. ఖాతా పుస్తకాల్లో కంపెనీల చట్టం ప్రకారం ఒకటి, ఆదాయపు పన్నుకు మరొకటి. చాలా కంపెనీలు మొదటిదాన్ని స్థిర వాయిదాల పద్ధతిలో లెక్కిస్తాయి. రెండోదాన్ని తగ్గుతున్న నిల్వల పద్ధతిలోనే లెక్కించాలి. రిటర్నులో ఈ రెండు అంకెలూ కనిపిస్తాయి కాబట్టి, ఫారం తెరవక ముందే రెండు పట్టికలనూ మొదటి ఏడాది నుంచి సరిచూసుకోవాలి. నిరుటి ముగింపు నిల్వను నమ్మి అక్కడి నుంచి మొదలుపెడితే పాత తప్పు కూడా వెంట వస్తుంది.

ఒక కల్యాణ మండపం కంపెనీ 2022 సెప్టెంబర్ 20న జనరేటర్ కొన్నదనుకుందాం. బిల్లు 11,80,000 రూపాయలు. అందులో 1,80,000 జీఎస్టీ. దానికి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నారు కాబట్టి ఆస్తి విలువ 10,00,000 మాత్రమే. పన్ను మొత్తాన్ని విలువలో కలిపి తరుగుదల పొందితే ఆ క్రెడిట్ దక్కదు.

ముందుగా తేల్చుకోవలసింది తేదీ. బిల్లు సెప్టెంబర్‌దే అయినా యంత్రాన్ని బిగించి వాడుకలోకి తెచ్చింది నవంబర్ 1న. అక్కడి నుంచి 2023 మార్చి 31 వరకు 151 రోజులు. బిల్లు తేదీ నుంచి లెక్కిస్తే 193 రోజులు వస్తాయి. ఆదాయపు పన్ను లెక్కలో, కొన్న ఏడాది వాడకం 180 రోజుల కంటే తక్కువైతే సగం రేటే వర్తిస్తుంది. కాబట్టి ఈ తేదీ ఒక్కటే మొదటి ఏడాది తరుగుదలను 75,000 చేయాలా, 1,50,000 చేయాలా అన్నది నిర్ణయిస్తుంది. నేను చూసిన పట్టికల్లో ఎక్కువ తప్పులు ఇక్కడివే. బిల్లుతోపాటు బిగింపు నివేదికను కూడా ఫైలులో పెట్టుకోండి.

ఇప్పుడు పుస్తకాల లెక్క. రెండో షెడ్యూలు ప్రకారం సాధారణ యంత్రానికి జీవితకాలం 15 ఏళ్లు, అవశేష విలువ 5 శాతం, అంటే 50,000. మిగిలిన 9,50,000ను 15తో భాగిస్తే ఏడాదికి 63,333. ఎక్సెల్‌లో ఇలా చూడవచ్చు:

```
=SLN(1000000,50000,15)
```

మొదటి ఏడాది 151 రోజులకే కాబట్టి 26,201, ముగింపు నిల్వ 9,73,799. 2023-24లో 63,333 తీసేస్తే 9,10,466. 2024-25లో మళ్లీ అంతే తీసేస్తే 8,47,133. పూర్తి ఏళ్లలో తరుగుదల ఏటేటా తగ్గుతూ కనిపిస్తే, ఎవరో అసలు ధర మీద కాకుండా మిగిలిన నిల్వ మీద లెక్కించారన్నమాట.

పన్ను లెక్కలో రేటు 15 శాతం. మొదటి ఏడాది సగం, 75,000, నిల్వ 9,25,000. 2023-24లో 1,38,750 పోగా 7,86,250. 2024-25లో 1,17,937.50 పోగా 6,68,312.50. ఇక్కడ గుర్తు వేరు: కొత్త ఆస్తులు చేరకపోతే, మూడో ఏడాది నుంచి ప్రతి తరుగుదలా ముందటి ఏడాదిదానిలో 0.85 వంతు ఉండాలి. మొదటి ఏడాది వదిలిన సగాన్ని రెండో ఏడాదిలో విడిగా కలపకూడదు, అది నిల్వలోనే ఉండిపోయింది. ఎక్సెల్‌లోని `DB` సూత్రాన్ని ఇక్కడ వాడవద్దు. అది అవశేష విలువ, జీవితకాలాల నుంచి తనే రేటు కట్టుకుంటుంది. ఈ జనరేటర్‌కు 18.1 శాతం వస్తుంది, చట్టం చెప్పింది 15.

రెండు పట్టికలనూ ఒకదానితో ఒకటి సరిచూసే మార్గం కూడా ఉంది. మూడేళ్లలో పుస్తకాల తరుగుదల మొత్తం 1,52,867, పన్ను తరుగుదల మొత్తం 3,31,687.50. తేడా 1,78,820.50. ముగింపు నిల్వల మధ్య తేడా కూడా సరిగ్గా అంతే రావాలి. రాకపోతే ఎక్కడో ఒక కూడికో తీసివేతో తప్పింది.

ఇక ఫారం. `Schedule DPM`లో 15 శాతం వరుసలో ప్రారంభ నిల్వగా నిరుటి రిటర్నులోని ముగింపు నిల్వను వేయాలి. ఈ ఏడాది కొన్నవాటిని 180 రోజులు నిండినవి, నిండనివి అని విడగొట్టాలి. `Schedule BP`లో ముందు పుస్తకాల తరుగుదలను లాభానికి కలిపి, తర్వాత పన్ను తరుగుదలను తీసేయాలి. రెండో అంకెను రెండు చోట్లా వేసినవారికి లాభనష్టాల పట్టికలోని అంకెతో పొంతన కుదరదు. పన్ను ఆడిట్ వర్తించే కంపెనీ అయితే, ఫారం 3సీడీలో 18వ అంశం కింద ఆడిటర్ ఇచ్చిన తరుగుదల వివరాలు కూడా ఇవే అంకెలు చెప్పాలి.

జనరేటర్ అమ్మితే దారులు వేరవుతాయి. పుస్తకాల్లో ఆ ఒక్క ఆస్తి నిల్వను తీసేసి లాభమో నష్టమో చూపుతారు. పన్ను లెక్కలో మాత్రం అమ్మిన ధరను అదే రేటున్న ఆస్తుల ఉమ్మడి నిల్వ నుంచి తగ్గిస్తారు. కాబట్టి అమ్మిన ఏడాదికి పై 0.85 పరీక్ష పనిచేయదు.

అంకెలు కుదిరాక రిటర్నును డైరెక్టర్ డిజిటల్ సంతకంతో సమర్పించాలి. తర్వాత తప్పు తెలిస్తే గడువులోగా 139(5) సెక్షను కింద సవరించిన రిటర్ను వేసుకోవచ్చు. తప్పు మొదటి ఏడాదిదైతే ఆ తర్వాతి ప్రతి ఏడాది నిల్వా మారుతుంది, కానీ సవరణ గడువు దాటిన ఏళ్ల రిటర్నులను ఈ సెక్షను కింద ముట్టుకోలేరు.